వేలు పెట్టి వెతికితే కరెంట్ దొరకదు

ల్యాబ్ క్లాసుకి ముందు రోజు రాత్రి, అప్‌లోడ్ చేసిన హ్యాండవుట్‌ని ఫోన్‌లో తెరిచిన విద్యార్థి దాదాపు ఎప్పుడూ ఒకే పని చేస్తాడు. బొమ్మలో ప్లస్ గుర్తు ఎక్కడుందో చూసి అక్కడ వేలు పెడతాడు. అక్కణ్ణుంచి తీగ వెంట కిందికి వస్తాడు. మొదటి రెసిస్టర్ దాటేదాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత తీగ రెండుగా చీలుతుంది, వేలు ఆగిపోతుంది. "సార్, కరెంట్ ఇక్కడికొచ్చాక ఎటు పోతుంది?" ల్యాబ్‌లో నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే.

"రెండు వైపులా పోతుంది" అనేది సరైన జవాబే, కానీ దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఎటు ఎంత పోతుందో చెప్పాలంటే ముందున్న భాగాలు చూడాలి. ముందున్నవాటి సంగతి తేలాలంటే ఇక్కడ ఎంత కరెంట్ ఉందో తెలియాలి. వేలితో వెంటపడినంతకాలం ఈ ముడి విడదు. కరెంట్ బాటసారి కాదు. ఒక్కో భాగాన్నీ పలకరించి, అక్కడ కాస్త ఖర్చై, మిగిలింది పట్టుకుని తర్వాతి భాగానికి వెళ్లదు. సర్క్యూట్ స్థిరపడ్డాక అన్ని భాగాల్లోనూ ఒకేసారి పారుతూ ఉంటుంది. అందుకే దాన్ని దారి వెంట కాకుండా లెక్కలో పట్టుకోవాలి. ముందు ఒక్కో చోట వోల్టేజ్ ఎంతో కట్టాలి, తర్వాత ఒక్కో భాగంలో కరెంట్ దానంతటదే బయటపడుతుంది.

దీన్ని ఒక నిజమైన బొమ్మ మీద చేసి చూద్దాం. దాదాపు ప్రతి ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లోనూ ఉండే ప్రయోగం, ఒకే ట్రాన్సిస్టర్ ఉన్న కామన్ ఎమిటర్ యాంప్లిఫయర్. చిన్న బొమ్మే, కానీ కరెంట్ విషయంలో తికమకపడటానికి కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి.

ముందు బొమ్మని మాటల్లోకి దించడం

స్కాన్ చేసిన హ్యాండవుట్‌తో మొదటి ఇబ్బంది బొమ్మే. రెండు తీగలు కలిసేచోట పెట్టే చుక్క స్కానింగ్‌లో మాయమవుతుంది. అప్పుడు అవి కలిశాయో, ఒకదాని మీదుగా ఇంకోటి దాటిందో తెలియదు. 4.7k లో చుక్క చెరిగిపోతే 47k అయి కూర్చుంటుంది. ఈ బాధ తప్పించడానికే చాలామంది 4k7 అని రాస్తారు, చుక్క ఉండాల్సిన చోట k పెడతారు. అలా రాసిన హ్యాండవుట్ దొరికితే మీ అదృష్టం.

కాబట్టి బొమ్మని చూస్తూ లెక్క మొదలుపెట్టకండి. తీగలు కలిసే ప్రతి కూడలికీ ఒక పేరు పెట్టి, ఏ భాగం ఏ రెండు కూడళ్ల మధ్య ఉందో ఒక కాగితం మీద రాసుకోండి. మధ్యలో ఏ భాగమూ లేకుండా తీగ ఎంత పొడవు సాగినా, ఎన్ని మలుపులు తిరిగినా అదంతా ఒకే కూడలి. మన బొమ్మ ఇలా తేలుతుంది:

```
V1   VCC  0    12V
R1   VCC  B    47k
R2   B    0    10k
RC   VCC  C    4.7k
RE   E    0    1k
Q1   C  B  E   BC547
C1   IN   B    10uF
C2   C    OUT  10uF
C3   E    0    100uF
RL   OUT  0    10k
```

ఇక్కడ 0 అంటే గ్రౌండ్, VCC అంటే సప్లై ప్లస్ కొస. B, C, E అనేవి ట్రాన్సిస్టర్ బేస్, కలెక్టర్, ఎమిటర్ ఉన్న కూడళ్లు. ఇలా రాసుకున్నాక బొమ్మని పక్కన పెట్టేసినా నష్టం లేదు. పైగా బొమ్మలో కనపడని విషయం ఒకటి ఇక్కడ తెలుస్తుంది: R1, RC రెండూ ఒకే చోట మొదలవుతాయి. బొమ్మలో RC కుడివైపు ఉంటుంది, R1 ఎడమవైపు. అందుకే కరెంట్ ముందు R1 లోకి వెళ్లి, అక్కణ్ణుంచి ట్రాన్సిస్టర్‌కి చేరి, తర్వాత RC కి వస్తుందని చాలామంది అనుకుంటారు. బొమ్మని ఎడమ నుంచి కుడికి చదవడం సిగ్నల్‌కి సరిపోతుంది. సప్లై కరెంట్ మాత్రం పైనుంచి కిందికి దిగుతుంది.

దిశ గురించి ఒక్క మాట. మనం గీసే బాణాలన్నీ ప్లస్ నుంచి మైనస్‌కి. ట్రాన్సిస్టర్ గుర్తులో ఎమిటర్ మీదున్న బాణం కూడా అదే చెబుతుంది. ఎలక్ట్రాన్లు ఎదురు దిశలో కదులుతాయన్నది నిజమే, కానీ ఈ లెక్కలో దానితో పని లేదు. రెండింటినీ కలిపితే గందరగోళమే.

సిగ్నల్ లేనప్పుడు

ముందు IN కి సిగ్నల్ ఇచ్చే జెనరేటర్ ఆపేసి ఉందనుకుందాం. 12 వోల్ట్‌ల సప్లై ఇచ్చి ఒకటి రెండు సెకన్లు ఆగితే కెపాసిటర్లన్నీ తమ వోల్టేజ్‌కి నిండిపోతాయి. ఆ తర్వాత వాటిలో నిలకడైన కరెంట్ ఉండదు. అందుకని C1, C2, C3 లను కాగితం మీంచి కొట్టేయొచ్చు. OUT కి C2 గుండా తప్ప దారి లేదు కాబట్టి RL లోనూ కరెంట్ సున్నా. మిగిలింది నాలుగు రెసిస్టర్లు, ఒక ట్రాన్సిస్టర్.

ఎక్కడ మొదలుపెట్టాలి? బేస్ దగ్గర. బేస్‌లోకి పోయే కరెంట్ చాలా తక్కువ అని తెలుసు కనుక, మొదటి అంచనాకి అది లేదనే అనుకుందాం. అప్పుడు R1, R2 వరుసగా ఉన్న రెండు రెసిస్టర్లే. 12 వోల్ట్‌లు 57 కిలో ఓమ్‌ల మీద పంచుకుంటే, R2 మీద 2.1 వోల్ట్‌లు నిలుస్తాయి. సిలికాన్ ట్రాన్సిస్టర్ పనిచేస్తున్నప్పుడు ఎమిటర్ బేస్ కంటే సుమారు 0.65 వోల్ట్ కింద ఉంటుంది. అంటే ఎమిటర్ దగ్గర 1.45 వోల్ట్‌లు. ఆ 1.45 వోల్ట్‌లూ RE అనే ఒక కిలో ఓమ్ మీద పడుతున్నాయి కాబట్టి RE లో 1.45 మిల్లీ ఆంపియర్లు.

ఇక్కడ ఆగి ఒకటి గమనించాలి. ఎమిటర్ కరెంట్ ఎంతో తెలిసింది, కానీ ట్రాన్సిస్టర్ ఎంత బలమైనదో, బేస్ కరెంట్‌ని కలెక్టర్ దగ్గర ఎన్ని రెట్లు చేస్తుందో చెప్పే దాని బీటా ఎంతో మనం ఇంకా అడగలేదు. వేలు పెట్టి పైనుంచి దిగేవాళ్లు RC దగ్గర ఇరుక్కుంటారు, ఎందుకంటే RC లో ఎంత కరెంట్ పోవాలో RC చెప్పదు. దాన్ని కింద ఉన్న RE, పక్కనున్న R1, R2 కలిసి తేలుస్తాయి. బొమ్మలో పైన ఉన్న భాగం లెక్కలో చివర వస్తుంది.

ఇప్పుడు బేస్ కరెంట్‌ని కూడా లెక్కలోకి తెద్దాం. బీటా 200 అనుకుంటే బేస్‌లోకి పోయేది ఎమిటర్ కరెంట్‌లో 201వ వంతు. ఆ కొంచెం కరెంట్ కూడా R1 గుండానే రావాలి, అందువల్ల బేస్ వోల్టేజ్ కాస్త కుంగుతుంది. బేస్ వైపు నుంచి చూస్తే R1, R2 పక్కపక్కన ఉన్నట్టే, రెండూ కలిసి 8.25 కిలో ఓమ్‌లు. దాన్ని పెట్టి సరిచేస్తే:

```
IB = (2.105 - 0.65) / (8.25k + 201 x 1k) = 6.95 uA
IE = 201 x IB = 1.397 mA
IC = 200 x IB = 1.390 mA
```

అంచనాకి, సరిచేసిన లెక్కకి తేడా నాలుగు శాతం లోపే. సరిచేశాక బేస్ 2.05 వోల్ట్‌లు, ఎమిటర్ 1.40 వోల్ట్‌లు. RC మీద 1.39 మిల్లీ ఆంపియర్లు పారితే 6.53 వోల్ట్‌లు తగ్గుతాయి, కనుక కలెక్టర్ దగ్గర 5.47 వోల్ట్‌లు. కలెక్టర్ బేస్ కంటే చాలా పైన ఉంది, అంటే ట్రాన్సిస్టర్ మనం అనుకున్న తీరులోనే ఉంది. ఈ పరీక్ష తప్పకుండా చెయ్యాలి. కలెక్టర్‌కి లెక్కలో ఎమిటర్ కంటే తక్కువ వోల్టేజ్ వచ్చిందంటే లెక్క కాదు, ఊహ తప్పు. ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకున్న స్థితిలో, అంటే శాచురేషన్‌లో ఉందన్నమాట, అప్పుడు బీటా సూత్రం చెల్లదు. చుక్క చెరిగిపోయి RC ని 47k గా చదివినవాళ్లకి సరిగ్గా ఇదే జరుగుతుంది: RC మీద 65 వోల్ట్‌లు పడుతున్నాయని లెక్క చెబుతుంది, సప్లై చూస్తే పన్నెండే.

ఇక మిగిలిన రెండింటి లెక్క. R2 మీద 2.05 వోల్ట్‌లు, కాబట్టి దానిలో 205 మైక్రో ఆంపియర్లు. R1 మీద 9.95 వోల్ట్‌లు, దానిలో 212 మైక్రో ఆంపియర్లు. తేడా 7 మైక్రో ఆంపియర్లు, అదే బేస్‌లోకి పోయింది. కూడలిలోకి వచ్చిందంతా బయటికి పోవాలన్న ఈ నియమాన్ని గుస్టావ్ కిర్కాఫ్ 1845 లో, ఇంకా విద్యార్థిగా ఉన్నప్పుడే చెప్పాడు. మన విద్యార్థులు మాత్రం దాన్ని పరీక్షలో రాయడానికే వాడతారు, ల్యాబ్‌లో తప్పు పట్టుకోవడానికి వాడరు.

దాన్ని సర్క్యూట్ మొత్తానికి వేసి చూడండి. సప్లై నుంచి R1 లోకి 0.212, RC లోకి 1.390, మొత్తం 1.602 మిల్లీ ఆంపియర్లు. గ్రౌండ్‌కి R2 నుంచి 0.205, RE నుంచి 1.397, మొత్తం మళ్లీ 1.602. దారిలో ఏ రెసిస్టరూ కరెంట్‌ని తినెయ్యలేదు. తగ్గింది వోల్టేజే. ఈ రెండు మొత్తాలూ కలవకపోతే హ్యాండవుట్‌లో రీడింగులు నింపకండి, ఎక్కడో ఏదో తప్పింది.

ఇక్కడ ల్యాబ్‌లో దొరికిపోయే ఒక తెలివి ఉంది. బేస్ కరెంట్ కొలవడానికి మీటర్‌ని మధ్యలో పెట్టే బదులు, R1 మీద, R2 మీద వోల్టేజ్ కొలిచి, కరెంట్లు కట్టి, తీసివేస్తే పోలా అంటారు. కాగితం మీద బాగుంది. కానీ మీ రెసిస్టర్లు అయిదు శాతం రకం అయితే 212 మైక్రో ఆంపియర్లలో అయిదు శాతం అంటే పదిన్నర. వెతుకుతున్నదేమో ఏడు. అంటే బేస్‌లోంచి కరెంట్ ఎదురు వస్తోందని కూడా మీ లెక్క చెప్పొచ్చు. ఒక కుర్రాడు అలా మైనస్ 3 మైక్రో ఆంపియర్లు అని రికార్డులో రాసి, పక్కన "ట్రాన్సిస్టర్ లోపం" అని వ్యాఖ్య కూడా చేర్చాడు. ట్రాన్సిస్టర్‌కి ఏ లోపమూ లేదు. ఈ పద్ధతే కావాలంటే ముందు R1, R2 లను బోర్డు నుంచి తీసి, మీటర్‌తో అసలు విలువలు కొలిచి, వాటితో లెక్క కట్టాలి.

బీటా 200 అని ఎలా అనుకున్నాం అని ఎవరైనా అడగాలి. BC547 లో A, B, C అని రకాలున్నాయి, అన్నీ కలిపి చూస్తే బీటా 110 నుంచి 800 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. మరి మన లెక్క ఏమవుతుంది? బీటా 400 పెట్టి మళ్లీ కట్టండి: బేస్ కరెంట్ సగానికి, 3.6 మైక్రో ఆంపియర్లకి పడిపోతుంది, ఎమిటర్ కరెంట్ మాత్రం 1.397 నుంచి 1.426 కి మాత్రమే పెరుగుతుంది. రెండు శాతం. R1, R2 లలో పారే కరెంట్ బేస్ అడిగేదానికి ముప్ఫై రెట్లు ఉండేలా పెట్టింది అందుకే. మీ పక్క బల్ల మీద ట్రాన్సిస్టర్ వేరే అయినా రీడింగులు దాదాపు ఒకేలా రావడానికీ కారణం ఇదే, కాపీ కొట్టడం ఒక్కటే కాదు.

సిగ్నల్ వచ్చాక

ఇప్పుడు జెనరేటర్ నుంచి ఒక కిలోహెర్ట్జ్ సైన్ తరంగం ఇద్దాం, శిఖరం 5 మిల్లీ వోల్ట్‌లు. ఇక్కడే రెండో తికమక. పైన లెక్క కట్టిన కరెంట్లు ఎక్కడికీ పోలేదు. ప్రతి భాగంలోనూ అవి అలాగే ఉన్నాయి, వాటి మీద ఒక చిన్న అల ఊగుతోంది. కాబట్టి ఆ అలకి విడిగా ఇంకో లెక్క కట్టాలి, చివర్లో రెండూ కలపాలి. ఒకే బాణంతో రెండూ చూపించాలనుకుంటే బొమ్మ ఎప్పటికీ అర్థం కాదు.

అల లెక్కలో కెపాసిటర్లు తిరిగి వస్తాయి. ఒక కిలోహెర్ట్జ్ దగ్గర 10 మైక్రో ఫారడ్ కెపాసిటర్ 16 ఓమ్‌ల అడ్డులా ఉంటుంది, 100 మైక్రో ఫారడ్‌ది 1.6 ఓమ్‌లు. కిలో ఓమ్‌ల పక్కన ఇవి తీగ ముక్కలతో సమానం. ఇంకో మార్పు: 12 వోల్ట్‌ల తీగ ఊగదు. సిగ్నల్ ఎంత ఊగినా అది 12 దగ్గరే ఉంటుంది. ఊగనిదేదైనా అలకి గ్రౌండే. అందుకని అల దృష్టిలో R1 పై కొస, RC పై కొస గ్రౌండ్‌కే తగిలి ఉన్నట్టు. "సార్, అది ప్లస్ కదా, గ్రౌండ్ ఎలా అవుతుంది?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. జవాబు ఏమిటంటే, మనం ఇప్పుడు వోల్టేజ్ ఎంతుందని అడగడం లేదు, ఎంత మారుతోందని అడుగుతున్నాం. అక్కడ మార్పు సున్నా.

ట్రాన్సిస్టర్ లోపల ఎమిటర్ దగ్గర అలకి ఒక చిన్న అడ్డు ఉంటుంది. గది ఉష్ణోగ్రతలో అది 26 మిల్లీ వోల్ట్‌లని ఎమిటర్ కరెంట్‌తో భాగిస్తే వస్తుంది: 26 ని 1.4 మిల్లీ ఆంపియర్లతో భాగిస్తే 18.6 ఓమ్‌లు. ఎమిటర్ C3 ద్వారా గ్రౌండ్‌కి కట్టేసి ఉంది కాబట్టి, 5 మిల్లీ వోల్ట్‌ల అల మొత్తం ఈ 18.6 ఓమ్‌ల మీదే పడుతుంది. కరెంట్ 0.27 మిల్లీ ఆంపియర్ల మేర పైకీ కిందికీ ఊగుతుంది. గమనించారా, అల ఎంత ఊగాలో నిర్ణయించింది ముందు కట్టిన నిలకడ కరెంట్. మొదటి లెక్క తప్పితే రెండోది ఎలాగూ తప్పుతుంది.

ఎమిటర్ కూడలిలో ఈ 0.27 ఏమవుతుందో చూడటం నాకు ఈ బొమ్మలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. అల పైకి లేచినప్పుడు ట్రాన్సిస్టర్ ఎమిటర్ నుంచి 1.40 కి బదులు 1.67 మిల్లీ ఆంపియర్లు బయటికి వస్తాయి. RE లో మాత్రం ఇంకా 1.40 మాత్రమే పారుతోంది, ఎందుకంటే దాని మీద వోల్టేజ్ మారలేదు. అదనంగా వచ్చిన 0.27 C3 లోకి దిగుతుంది. అల కిందికి వచ్చినప్పుడు ట్రాన్సిస్టర్ 1.13 మాత్రమే ఇస్తుంది. RE కి ఇంకా 1.40 కావాలి. తక్కువైన 0.27 ని C3 వెనక్కి ఇస్తుంది. ఎక్కువైనప్పుడు దాచుకుని, తక్కువైనప్పుడు తీసి ఇస్తుందన్నమాట. కెపాసిటర్ లోంచి కరెంట్ పోదంటారుగా అనే ప్రశ్నకి జవాబు కూడా ఇదే. రెండు పలకల మధ్య దాటి పోయిందేమీ లేదు, ఒక పలక మీద చేరినంత రెండో పలక నుంచి వెళ్లిపోతుంది. ఒక పూర్తి అలలో ఎంత చేరిందో అంతే తిరిగి పోతుంది, అందుకే సగటు సున్నా.

కలెక్టర్ వైపు కూడా ఇలాంటిదే, కానీ ఇక్కడ పంపకం ఉంది. ట్రాన్సిస్టర్ ఇంకో 0.27 మిల్లీ ఆంపియర్లు లాగుతానంటే అది ఎక్కణ్ణుంచి రావాలి? రెండు దారులున్నాయి: పైనున్న RC, పక్కనున్న C2 వెనక RL. 4.7 కిలో ఓమ్‌లూ, 10 కిలో ఓమ్‌లూ పక్కపక్కన ఉన్నట్టే లెక్క, కనుక RC 0.183 ఇస్తుంది, RL 0.086 ఇస్తుంది. RL నుంచి వచ్చే ఆ 0.086 దిశ చూడండి. అది గ్రౌండ్ నుంచి RL గుండా పైకి ఎక్కి, C2 దాటి, కలెక్టర్‌లోకి వెళ్తోంది. కరెంట్ గ్రౌండ్ నుంచి పైకి పారుతోందంటే RL పై కొస గ్రౌండ్ కంటే కింద ఉంది, 0.86 వోల్ట్‌ల మేర. ఇన్‌పుట్ పైకి పోతే అవుట్‌పుట్ కిందికి రావడం, హ్యాండవుట్‌లో "180 డిగ్రీల ఫేజ్ తేడా" అని ఒక్క ముక్కలో తేల్చేసేది, నిజానికి ఈ ఒక్క బాణం దిశే.

గెయిన్ కూడా ఇక్కడే దొరికింది: 0.86 వోల్ట్‌లని 5 మిల్లీ వోల్ట్‌లతో భాగిస్తే 172. విడిగా సూత్రం గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

రెండు లెక్కలూ కలిపితే RC లో కరెంట్ 1.21 నుంచి 1.57 మిల్లీ ఆంపియర్ల మధ్య ఊగుతుంది, ఎప్పుడూ తిరగబడదు. RL లో మాత్రం నిలకడ కరెంట్ లేదు కాబట్టి అక్కడ అల నిజంగానే అటూ ఇటూ తిరుగుతుంది. ఒకే కలెక్టర్‌కి కరెంట్ ఇచ్చే రెండు రెసిస్టర్లలో ఒకదానిలో బాణం ఎప్పుడూ కిందికే, ఇంకోదానిలో సెకనుకి రెండు వేల సార్లు మారుతోంది.

జెనరేటర్ ఇచ్చేదెంత అంటే చాలా కొంచెం. బేస్‌లోకి 1.34 మైక్రో ఆంపియర్లు, R2 లోకి 0.5, R1 లోకి 0.1, అంతా కలిపి రెండు మైక్రో ఆంపియర్ల లోపే. వాటిలో మూడో వంతు దాకా ట్రాన్సిస్టర్‌ని చేరకుండానే R1, R2 పంచేసుకుంటున్నాయి.

5 మిల్లీ వోల్ట్‌లే ఎందుకు తీసుకున్నానంటే, ఈ 18.6 ఓమ్‌ల లెక్క చిన్న అలకే చెల్లుతుంది. 20 మిల్లీ వోల్ట్‌లు ఇస్తే ఎమిటర్ కరెంట్ సగటుకి ఎంత పైకి పోతుందో అంత కిందికి రాదు. ఆసిలోస్కోప్ మీద తరంగం ఒక సగం పొట్టిగా బొద్దుగా, ఇంకో సగం సన్నగా పొడుగ్గా కనిపిస్తుంది. అప్పుడు ట్రాన్సిస్టర్ మార్చకండి, జెనరేటర్ తగ్గించండి.

బోర్డు మీద లెక్క కుదరనప్పుడు

కాగితం మీద కరెంట్లు తెలిశాక తప్పు పట్టుకోవడం తేలిక. తీగ తెంచి మీటర్ పెట్టనక్కర్లేదు. గ్రౌండ్‌కి మీటర్ నల్ల కొస కట్టి, బేస్, ఎమిటర్, కలెక్టర్ మూడు చోట్ల వోల్టేజ్ చూస్తే చాలు. మనకి రావలసినవి 2.05, 1.40, 5.47. రెసిస్టర్ల తేడాల వల్ల కొన్ని శాతం అటూ ఇటూ అవ్వొచ్చు.

బేస్ 0.7, ఎమిటర్ సున్నా, కలెక్టర్ సున్నాకి కొంచెం పైన వచ్చాయనుకోండి. ఎమిటర్ సున్నా అంటే RE లో కరెంట్ లేదు, కానీ కలెక్టర్ కిందికి పడిందంటే RC లో మాత్రం నిండా ఉంది, దాదాపు 2.5 మిల్లీ ఆంపియర్లు. లోపలికి వచ్చిన కరెంట్ RE లో కనిపించకపోతే ఇంకో దారిన గ్రౌండ్‌కి పోతోంది. ఎమిటర్ నుంచి ఉన్న ఇంకో దారి C3 ఒక్కటే. అది షార్ట్ అయింది, లేదా బ్రెడ్‌బోర్డ్‌లో దాని రెండు కాళ్లూ ఒకే వరుసలోకి వెళ్లి ఎమిటర్‌ని గ్రౌండ్‌కి కట్టేశాయి.

బేస్ 2.95, ఎమిటర్ 2.25, కలెక్టర్ 2.35 వస్తే? కలెక్టర్, ఎమిటర్ దాదాపు ఒకటే, శాచురేషన్. R1 మీద 9.05 వోల్ట్‌లు, అంటే 193 మైక్రో ఆంపియర్లు. R2 మీద 2.95 ఉంది కనుక దానిలో 295 పోవాలి. వచ్చేది 193, ఒక్క R2 లోనే పోయేది 295, అది కుదరదు. R2 లో అసలు కరెంటే లేదు, దాని కాలు బోర్డులో తగల్లేదు. వచ్చిన 193 అంతా బేస్‌లోకే వెళ్తోంది.

అన్నిటికంటే మోసం చేసేది RE తెగిపోయినప్పుడు. బేస్ 2.1, ఎమిటర్ 1.7 దగ్గర, కలెక్టర్ 12. మొదటి రెండు అంకెలు చూసి చాలామంది "బయాస్ బాగానే ఉంది" అని టిక్ పెట్టేస్తారు. ఎమిటర్ 1.7 అయితే RE లో 1.7 మిల్లీ ఆంపియర్లు పారాలి, RC మీద 8 వోల్ట్‌లు పడాలి. కలెక్టర్ 12 దగ్గరే ఉందంటే RC లో కరెంట్ సున్నా. మరి ఎమిటర్‌కి ఆ వోల్టేజ్ ఎక్కణ్ణుంచి వచ్చింది? మీటర్ నుంచే. డిజిటల్ మీటర్ సాధారణంగా పది మెగా ఓమ్‌ల రెసిస్టర్‌లా ఉంటుంది. RE తెగిపోతే ఎమిటర్‌కి గ్రౌండ్‌తో ఉన్న ఒకే దారి ఆ మీటర్ అవుతుంది. దానిలో పారే 0.17 మైక్రో ఆంపియర్లు చాలు, ఎమిటర్ దగ్గర నమ్మదగినట్టుండే వోల్టేజ్ చూపించడానికి. మీటర్ తీసేస్తే ఆ కరెంటూ ఉండదు.

మూడు వోల్టేజ్‌లూ సరిగ్గా ఉండి గెయిన్ మాత్రం 172 కి బదులు 3 వస్తే, మొదటి లెక్కలో తప్పు లేదు, రెండో లెక్కలోనే వెతకాలి. అల కరెంట్ C3 గుండా పోకుండా RE అనే కిలో ఓమ్ గుండా పోతోంది, 3.2 కిలో ఓమ్‌లని కిలో ఓమ్‌తో భాగించినట్టు. C3 కాళ్లలో ఒకటి తగల్లేదు. దాన్ని తిరిగి గుచ్చేటప్పుడు ప్లస్ కాలు ఎమిటర్ వైపే ఉండాలి. C2 కి ప్లస్ కలెక్టర్ వైపు, C1 కి బేస్ వైపు. స్కాన్ చేసిన బొమ్మలో ఆ ప్లస్ గుర్తు కనపడకపోతే కంగారు అక్కర్లేదు, ఇందాక కట్టిన వోల్టేజ్‌లలో ఏ వైపు ఎక్కువ ఉందో అదే ప్లస్.